‘మిమ్మల్ని కన్ఫర్మ్ చేయడం లేదు’ అని ఎలా రాయాలి?

హైదరాబాద్‌లోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీస్ అకాడమీలో 1981 జూన్ 22న పొద్దున్నే కసరత్తుకు రావాల్సిన ఐపీఎస్ ప్రొబేషనర్లు దాదాపు 22 నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. ఆ ఆలస్యానికి మిగతావాళ్లను పురిగొల్పినవారిలో అనూప్ జైస్వాల్ ఒకరని అకాడమీ అధికారులు భావించారు. సంజాయిషీ అడిగారు, పిలిపించి మాట్లాడారు. పద్ధతి ప్రకారం విచారణ మాత్రం జరపలేదు. ఆ ఏడాది నవంబరులో ఆయనను సర్వీసు నుంచి తప్పిస్తూ ఉత్తర్వు వెలువడింది. పైకి చూస్తే అది ప్రొబేషన్ నిబంధనల ప్రకారం ఇచ్చిన మామూలు ఉత్తర్వే. అందులో నింద లేదు, నేరం లేదు.

అయినా 1984లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, ఆయనను తిరిగి సర్వీసులోకి తీసుకోమంది. ఉత్తర్వులో ఏముందన్న దగ్గరే కోర్టు ఆగలేదు. అది ఎందుకు పుట్టిందో చూసింది. జూన్ 22 నాటి సంఘటనే దానికి పునాది అని, అది శిక్షే అని, విచారణ లేకుండా శిక్ష చెల్లదని తేల్చింది.

ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగిని కన్ఫర్మ్ చేయకుండా పంపించే ఉత్తరం చాలా కంపెనీల్లో పది నిమిషాల పనిగా గడిచిపోతుంది. పాత ఉత్తరం తెరిచి పేరు, తేదీ మారుస్తారు. లేదంటే మేనేజర్ కోపంగా పంపిన మెయిల్లోని మాటలను అలాగే ఎత్తి రాస్తారు. మొదటి రకం ఉత్తరం ఉద్యోగికి ఏమీ చెప్పదు. రెండోది చెప్పకూడనిది చెబుతుంది. కారణం స్పష్టంగా తెలిసేలా, కోర్టులో నిలబడేలా రాయడానికి ఈ రెండింటి మధ్య దారి ఉంది. ఆ దారిని మన న్యాయస్థానాలు అరవై ఏళ్లకు పైగా తీర్పు మీద తీర్పుగా వేసుకుంటూ వచ్చాయి.

సరిపోలేదా, తప్పు చేశాడా?

ఆ తీర్పులన్నిటికీ వెన్నెముక ఒకే తేడా. ‘ఈ పనికి సరిపోలేదు’ అనడం వేరు, ‘తప్పు చేశాడు’ అనడం వేరు.

ప్రొబేషన్ అంటేనే పరీక్షాకాలం. మనిషి పనికి సరిపోతాడా లేదా అని చూసుకునే హక్కు యజమానికి ఉంది. సరిపోలేదనిపిస్తే నియామక పత్రంలోని షరతుల ప్రకారం పంపించవచ్చు, దానికి పెద్ద విచారణేమీ అక్కర్లేదు. కానీ దొంగతనం చేశాడు, అబద్ధపు బిల్లులు పెట్టాడు, తోటి ఉద్యోగినితో అసభ్యంగా ప్రవర్తించాడు అన్నవి ఆరోపణలు. వాటిని నిజమని నిర్ధారించి, ఆ కారణంతోనే పంపిస్తే అది శిక్ష. శిక్ష వేసేముందు ఆరోపణేమిటో రాసిచ్చి, ఎదుటివాడి మాట విని, విచారణ జరపాలి. ప్రొబేషన్‌లో ఉన్నవాడైనా సరే, ఆ అవకాశం ఇవ్వాల్సిందే.

ఏది శిక్షో ఏది కాదో తేల్చే కొలమానాన్ని లక్నోలోని సంజయ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన కేసులో సుప్రీంకోర్టు 2001లో తేటగా చెప్పింది. మూడు విషయాలు కలిసి ఉన్నాయా అని చూడమంది. పూర్తిస్థాయి విచారణ జరిగిందా? అది నైతిక పతనం లేదా దుష్ప్రవర్తన ఆరోపణల మీద జరిగిందా? చివరికి దోషి అని తేల్చారా? మూడూ ఉంటే ఉత్తర్వు ఎంత మెత్తగా రాసినా అది శిక్షే. ఏ ఒక్కటి లేకపోయినా మామూలు తొలగింపుగానే చూస్తారు. ఆ కేసులో ఉత్తరం ‘మీ పని, ప్రవర్తన సంతృప్తికరంగా లేవు’ అని మాత్రమే అంది. ఆ మాట మచ్చ కాదని కోర్టు తేల్చింది. ఉద్యోగానికి తగడని చెప్పడాన్ని దాటి ఇంకేదో అన్నప్పుడే అది మచ్చ అవుతుందంది.

ఈ సూత్రాల్లో ఎక్కువ భాగం ప్రభుత్వ ఉద్యోగుల కేసుల్లో పుట్టినవే. ప్రైవేటు సంస్థల మీద రాజ్యాంగంలోని 311వ అధికరణం పనిచేయదు. అయితే కార్మిక చట్టాల పరిధిలోకి వచ్చే ఉద్యోగుల విషయంలో లేబర్ కోర్టులు కూడా ఉత్తర్వు వెనక అసలు కారణం ఏమిటని తవ్వి చూస్తాయి. ఆ పరిధిలోకి రాని మేనేజర్ల విషయంలో గొడవ ఎక్కువగా ఒప్పందం చుట్టూ, నోటీసు జీతం చుట్టూ తిరుగుతుంది. ఉత్తరంలో నింద ఉంటే దానికి పరువు నష్టం దావా తోడవుతుంది.

కారణం రాయకపోతే మంచిదా?

‘ఏమీ రాయకపోతే ఏ గొడవా ఉండదు’ అన్నది హెచ్‌ఆర్ విభాగాల్లో తరచూ వినిపించే సలహా. అందుకే ‘మీ ప్రొబేషన్ ఇంతటితో ముగిసింది’ అన్న ఒంటి వాక్యపు ఉత్తరాలు పుట్టుకొస్తాయి. అందుకున్న మనిషికి నెలల తరబడి చేసిన పనిలో ఏం తక్కువైందో అర్థం కాదు. మనసులో అనుమానాలు మొదలవుతాయి. నా కులం కారణమా, గర్భవతినని తెలిసిందా, మేనేజర్ మీద ఫిర్యాదు చేసినందుకా? చాలా కేసులు అక్కడే పుడతాయి.

బెంగళూరుకు చెందిన కృష్ణదేవరాయ విద్యా ట్రస్టు కేసులో 2001లో సుప్రీంకోర్టు ఈ విషయంలో ఉపయోగపడే మాట చెప్పింది. ప్రొబేషన్‌లో ఉన్న అధ్యాపకుడిని పంపిస్తూ, ఉద్యోగంలో ఆయన నైపుణ్యం ఆశించిన స్థాయిలో లేదని యాజమాన్యం రాసింది. అదే మచ్చ అని ఆయన వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. కారణం చెప్పకుండా తీసేస్తే ఇష్టారాజ్యంగా తీసేశారంటారు, అందుకే ఉత్తర్వులో సాధారణంగా కారణం సూచిస్తారు, పని సరిపోలేదని చెప్పినంత మాత్రాన అది శిక్ష అయిపోదు అన్నది ఆ తీర్పు సారం. కాబట్టి కారణం రాయవచ్చు, రాయడమే మేలు. చూసుకోవాల్సింది ఆ కారణం పని గురించా, మనిషి గురించా అన్నది.

ఒక ఉత్తరం, రెండు చిత్తుప్రతులు

ఇది ఊహించిన ఉదాహరణే కానీ, ఇలాంటివి రోజూ జరుగుతుంటాయి. విజయవాడలో ఒక మందుల పంపిణీ సంస్థ. ఏప్రిల్ 1న అకౌంట్స్ అసిస్టెంట్‌గా ఒక యువకుడు చేరాడు. నియామక పత్రం ప్రకారం ఆరు నెలల ప్రొబేషన్, అవసరమైతే మరో మూడు నెలలు పొడిగించవచ్చు, ప్రొబేషన్‌లో ఎవరు వదులుకున్నా 15 రోజుల నోటీసు. అతని పనిలో ముఖ్యమైనవి రెండు. ఏ రోజు బిల్లులు ఆ రోజే కంప్యూటర్‌లో ఎక్కించాలి. నెలవారీ స్టాకు లెక్క మరుసటి నెల 5వ తేదీలోపు ఇవ్వాలి.

మే నెల స్టాకు లెక్క జూన్ 12న వచ్చింది. బిల్లులు రెండు మూడు రోజులు వెనకబడుతున్నాయి. జూన్ 28న మేనేజర్ కూర్చోబెట్టి మాట్లాడి, ఆ రెండు విషయాలూ ఒక పేజీలో రాసి సంతకం తీసుకున్నాడు. జూలై లెక్క ఆగస్టు 14న వచ్చింది. ఆగస్టు 18న మళ్లీ సమీక్ష జరిగింది. ఈలోగా గోదాములో కొన్ని మందుల పెట్టెలు లెక్కకు రాలేదు. ఎవరు తీశారో తెలియదు. ఇతని మీద గోదాము సిబ్బందికి అనుమానం, అంతే. సెప్టెంబరు మొదట్లో కన్ఫర్మ్ చేయకూడదని నిర్ణయించారు.

మేనేజర్ రాసిచ్చిన మొదటి చిత్తుప్రతి ఇలా ఉంది: ‘మీరు మొదటి నుంచీ నిర్లక్ష్యంగా, బాధ్యతారహితంగా వ్యవహరిస్తున్నారు. పెద్దలంటే మర్యాద లేదు. జూన్ 28 నాటి మెమో ఇచ్చినా మీలో మార్పు లేదు. స్టాకు గల్లంతు విషయంలో మీ నిజాయతీపై సంస్థకు నమ్మకం పోయింది. అందువల్ల మిమ్మల్ని తక్షణం తొలగిస్తున్నాం.’

దీన్ని లాయర్ చేతికిస్తే ప్రతి వాక్యం కింద గీత గీస్తాడు. ‘నిర్లక్ష్యం’, ‘బాధ్యతారాహిత్యం’ మనిషి స్వభావం మీద తీర్పులు. వాటికి కొలత లేదు. మర్యాద లేదన్నది ఇంతవరకు ఎక్కడా రాసిపెట్టని కొత్త ఆరోపణ. అన్నిటికంటే ప్రమాదకరమైనది నిజాయతీ గురించిన వాక్యం. స్టాకు గల్లంతుపై విచారణ జరగలేదు, అతని వివరణ అడగలేదు, కానీ ఉత్తరం అతన్ని దొంగను చేసింది. ‘తక్షణం’ అన్న మాట 15 రోజుల నోటీసు షరతును సంస్థే ఉల్లంఘించిందని ఒప్పుకున్నట్టు.

తిరిగి రాసిన ఉత్తరం ఇది:

‘ఏప్రిల్ 1న మీకిచ్చిన నియామక పత్రంలోని ప్రొబేషన్ నిబంధన ప్రకారం మీ పనిని సమీక్షిస్తూ వచ్చాం. బిల్లుల నమోదు ఏ రోజుది ఆ రోజు పూర్తి కావడం, నెలవారీ స్టాకు లెక్క మరుసటి నెల 5వ తేదీలోపు అందడం ఈ ఉద్యోగానికి అవసరం. ఈ రెండు విషయాలనూ జూన్ 28న, ఆగస్టు 18న మీతో చర్చించాం. మీ పని ఈ పోస్టుకు కావాల్సిన స్థాయిని ప్రొబేషన్ కాలంలో అందుకోలేదు. అందువల్ల మిమ్మల్ని కన్ఫర్మ్ చేయడం లేదు. నియామక పత్రం ప్రకారం ఈ ఉత్తరాన్ని 15 రోజుల నోటీసుగా పరిగణించండి. సెప్టెంబరు 27తో మీ సేవలు ముగుస్తాయి. మీకు రావాల్సిన జీతం, ఇతర బకాయిలు చెల్లిస్తాం. రిలీవింగ్ లెటర్, సర్వీస్ సర్టిఫికెట్ ఇస్తాం.’

సెప్టెంబరు 12 తేదీ వేసిన ఈ ఉత్తరంలో కఠినమైన మాట ఒక్కటీ లేదు. అలాగని దాచిపెట్టిందీ లేదు. ఏ పని, ఏ కొలత, ఎప్పుడు చెప్పారు, ఏం నిర్ణయించారు, అది ఏ షరతు కింద, ఏ రోజు నుంచి అన్నవన్నీ ఉన్నాయి. యువకుడు చదివితే ఏం తక్కువైందో తెలుస్తుంది. రేపు ఇంకో కంపెనీవాళ్లు చదివినా అతని నడవడిక మీద మరక కనిపించదు.

స్టాకు గల్లంతు సంగతేమిటి? అదే అసలు కారణమైతే ఈ ఉత్తరం రాయకూడదు. ఆరోపణ రాసిచ్చి, వివరణ తీసుకుని, విచారణ జరిపి తేల్చాలి. అదే కారణమై ఉండీ పని బాగాలేదన్న ముసుగు వేస్తే, అనూప్ జైస్వాల్ కేసులోలాగే కోర్టు ఆ ముసుగు తీసి చూస్తుంది. పనిలో లోటు నిజమై, నిర్ణయం దాని మీదే ఆధారపడితే, అనుమానాల ఊసు ఉత్తరంలోనూ ఫైల్లోనూ రానక్కర్లేదు.

ఉత్తరం వెనక ఉన్న కాగితాలు

మంచి ఉత్తరాన్ని కూడా పాత కాగితం ముంచేయగలదు. కోల్‌కతాలోని సత్యేంద్రనాథ్ బోస్ జాతీయ మౌలిక విజ్ఞాన కేంద్రంలో ఒక ప్రొబేషనర్ విషయంలో అదే జరిగింది. పని, సామర్థ్యం సంతృప్తికరంగా లేవని, పోస్టుకు తగరని ఉత్తర్వు రాశారు. ఆ మాటల్లో తప్పు లేదు. కానీ అంతకుముందు రాసిన ఉత్తరాలను అందులో ప్రస్తావించారు. వాటిలో తప్పుడు బిల్లులు, మహిళా సిబ్బందితో అనుచిత ప్రవర్తన వంటి ఆరోపణలు ఉన్నాయి. జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన 1999 నాటి తీర్పు ఆ ఉత్తర్వును కొట్టేసింది. మచ్చ ఉత్తర్వులోనే ఉండక్కర్లేదు, అది ప్రస్తావించిన కాగితాల్లో ఉన్నా చాలు, కొత్త యజమాని ఎవరైనా వాటిని అడిగి చూడవచ్చు అన్నది ఆ తీర్పులోని తర్కం.

అందుకే విజయవాడ ఉదాహరణలో జూన్ 28 కాగితాన్ని ఉత్తరంలో పేర్కొనే ముందు ఒకసారి తీసి చదవాలి. అందులో బిల్లులు, తేదీల మాటే ఉంటే ఫర్వాలేదు. ‘నీ బుద్ధి వంకర’ అని ఎవరైనా పక్కన రాసి ఉంటే ఉత్తరంలో ఆ కాగితం ఊసు తీసుకురాకూడదు. వాట్సాప్ గ్రూపులో మేనేజర్ పెట్టిన మెసేజ్, ఆఫీసంతటికీ పంపిన ‘ఫలానావారిని తీసేశాం’ అన్న మెయిల్ కూడా రేపు కోర్టులో సాక్ష్యాలే. ఉత్తరం ప్రతి ఉద్యోగికి, వ్యక్తిగత ఫైలుకు, జీతాల విభాగానికి వెళితే చాలు. మిగతావారికి ఫలానా రోజు నుంచి ఆయన మన దగ్గర పనిచేయడం లేదన్న సమాచారం సరిపోతుంది.

తేదీలు చెప్పే కథ

ఎన్ని మాటలు సరిచూసుకున్నా, తేదీ తప్పితే ఉత్తరం వీగిపోతుంది. 1968లో పంజాబ్ రాష్ట్రం, ధరమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఇదే వచ్చింది. అక్కడ నిబంధనల ప్రకారం ప్రొబేషన్ ఎంత పొడిగించినా మూడేళ్లకు మించకూడదు. ఆ గడువు దాటినా ఉద్యోగి కొనసాగాడు, ఉత్తర్వేమీ రాలేదు. తర్వాత తొలగించబోతే, గడువు దాటి కొనసాగనిచ్చినప్పుడే అతను కన్ఫర్మ్ అయినట్టు భావించాలని కోర్టు చెప్పింది. గరిష్ఠ గడువు నిబంధనల్లో లేకపోతే ఇలా దానంతట అదే కన్ఫర్మ్ కాదు. కాబట్టి నియామక పత్రంలో ఏం రాశారన్నది ముందు చూసుకోవాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఇంకో గడువు కూడా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో వచ్చిన షాపులు, సంస్థల చట్టమే ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. దాని ప్రకారం ఆరు నెలలు నిరంతరాయంగా పనిచేసిన ఉద్యోగిని సహేతుక కారణం లేకుండా, కనీసం నెల రోజుల నోటీసు లేదా ఆ మేరకు జీతం ఇవ్వకుండా తీసేయకూడదు. ప్రొబేషన్‌లో ఉన్నాడన్న కారణంతో ఆ గీత చెరిగిపోదు. మన విజయవాడ సంస్థ సెప్టెంబరు 27తో ముగిస్తే ఆరు నెలలు నిండవు, 15 రోజుల నోటీసు నడుస్తుంది. ప్రొబేషన్‌ను మూడు నెలలు పొడిగించి నవంబరులో పంపిస్తే నియామక పత్రంలోని 15 రోజులు చాలవు, నెల రోజులు ఇవ్వాలి. ఐటీ సంస్థలకు ప్రభుత్వాలు ఈ చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపులు ఇస్తూ వచ్చాయి కాబట్టి, అవి తమకు ఏది వర్తిస్తుందో విడిగా చూసుకోవాలి.

ఉత్తరం ఏ సందర్భంలో వెళ్లిందన్నదీ కోర్టు చూస్తుంది. ఎల్‌ఐసీకి వ్యతిరేకంగా ఒక మహిళా ప్రొబేషనర్ వేసిన, 1991లో తీర్పు వచ్చిన కేసు దీనికి నిదర్శనం. ప్రసూతి సెలవు పెట్టిన కొద్ది వారాలకే, 1990 ఫిబ్రవరిలో, ఆమెను ప్రొబేషన్‌లోనే తప్పించారు. పని బాగాలేదని చూపించే కాగితమేదీ సంస్థ దగ్గర లేదు. నియామకం సమయంలో నెలసరి, గర్భం వివరాలు అడిగిన ఫారంలో ఆమె సరైన సమాచారం ఇవ్వలేదన్నదే అసలు కారణమని తేలింది. అలాంటి ప్రశ్నలు అడగడమే అవమానకరమని చెప్పి, సుప్రీంకోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. ప్రసూతి సెలవు, లైంగిక వేధింపుల ఫిర్యాదు, యూనియన్‌లో చేరడం వంటివి జరిగిన వెంటనే కన్ఫర్మ్ చేయని ఉత్తరం వెళితే, అంతకుముందే రాసిపెట్టిన సమీక్షలు మాత్రమే సంస్థను కాపాడగలవు.

సమీక్షలు నిజంగా ఉంటే ఎంత బలమో మచిలీపట్నం ఎల్‌ఐసీ డివిజన్ కేసు చూపిస్తుంది. 1984 మేలో ప్రొబేషన్‌పై చేరిన ఒక డెవలప్‌మెంట్ ఆఫీసర్‌కు ఏడాది గడువిచ్చారు, తర్వాత మరో ఏడాది పొడిగించారు. కన్ఫర్మ్ కావడానికి తీసుకురావాల్సిన ప్రీమియం లక్ష్యం ముందే చెప్పి ఉంది. అది అందలేదు. రెండో ఏడాది ముగియకముందే, 1986 మేలో తప్పించారు. ఇది రిట్రెంచ్‌మెంట్ అని, పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం పరిహారం ఇవ్వాలని ఆయన వాదించారు. నియామక ఒప్పందంలోని షరతు ప్రకారమే ఉద్యోగం ముగిసింది కాబట్టి అది రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదని 1994లో సుప్రీంకోర్టు చెప్పింది. ముందే చెప్పిన లక్ష్యం, ఇచ్చిన సమయం, గడువులోపు నిర్ణయం, ఈ మూడూ అక్కడ ఉన్నాయి.

సంతకం పెట్టేముందు యజమాని చేయాల్సిన చివరి పని, ఆ ఉద్యోగితో ఏ సంబంధమూ లేని ఒకరికి ఉత్తరం ఇచ్చి చదవమనడం. ‘ఈ మనిషి ఏం తప్పు చేశాడు?’ అని చదివినవాడు అడిగితే ఉత్తరం తిరిగి రాయాలి. ‘ఈ పనిలో ఏం తక్కువైంది?’ అన్న ప్రశ్నకు జవాబు ఉత్తరంలోనే దొరికితే పంపించవచ్చు. ఇక అలాంటి ఉత్తరం అందుకున్నవాళ్లు కోపంలో దాన్ని చించేయకండి. నియామక పత్రం, సమీక్షల కాగితాలు, మెయిల్స్ ఒకచోట పెట్టుకుని గడువు, నోటీసు, మాటలు సరిచూసుకోండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగం నుంచి తొలగించిన రెండు పనిదినాల్లో రావాల్సిన జీతం చేతికి అందాలి. అది అందలేదంటే మొదట అడగాల్సింది దాని గురించే.